రిఫ్రెష్ రేట్ అంటే ఏమిటి? సినిమాకు, క్రికెట్‌కు ఎక్కువ హెర్ట్జ్ నిజంగా పనికొస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త టీవీ చూసుకుంటున్నవాళ్లు, కొన్న టీవీలో మ్యాచ్ అదురుతోందని తలపట్టుకున్నవాళ్లు ఇంచుమించు ఇవే ప్రశ్నలు మళ్లీమళ్లీ అడుగుతుంటారు. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. గేమింగ్ సంగతి ఇక్కడ ఎత్తలేదు. దాని లెక్క వేరు.

## ముందుగా అసలు సంగతి

రిఫ్రెష్ రేట్ అంటే ఏమిటి? 60 హెర్ట్జ్ అంటే సెకనుకు 60 బొమ్మలు కనిపిస్తాయనా?

తెర తన మీది బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు తిరిగి గీస్తుందో చెప్పే అంకె రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ తెర సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి గీస్తుంది. 120 హెర్ట్జ్ తెర 8.3 మిల్లీసెకన్లకు ఒకసారి గీస్తుంది. అయితే గీసిన ప్రతిసారీ కొత్త బొమ్మే గీయాలని లేదు. ఉన్న బొమ్మనే మళ్లీ గీసినా అది రిఫ్రెషే.

ఈ తేడా ఇప్పటిది కాదు, రీళ్ల కాలం నాటిది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ సెకనుకు 24 ఫ్రేమ్‌లే నడిపేది. కానీ సెకనుకు 24 సార్లే వెలుగు పడితే తెర మిణుకుమిణుకుమంటుంది. అందుకని షట్టర్ ఒక్కో ఫ్రేమ్‌ను రెండుసార్లు, కొన్ని ప్రొజెక్టర్లలో మూడుసార్లు తెర మీద మెరిపించేది. మెరుపులు 48 లేదా 72. అసలు బొమ్మలు మాత్రం 24. సెకనుకు ఎన్ని అసలు బొమ్మలు ఉన్నాయో చెప్పేది ఫ్రేమ్ రేట్. వాటిని తెర ఎన్నిసార్లు చూపిస్తుందో చెప్పేది రిఫ్రెష్ రేట్. మొదటిది తీసినవాళ్ల చేతిలో ఉంటుంది, రెండోది మీ తెర చేతిలో ఉంటుంది.

120 హెర్ట్జ్ టీవీలో చూస్తే ఏ వీడియో అయినా 120 ఫ్రేమ్‌లతో ఆడుతుందా?

ఆడదు. 24 ఫ్రేమ్‌ల సినిమా పెడితే టీవీ ఒక్కో ఫ్రేమ్‌ను ఐదుసార్లు చూపిస్తుంది. కంటికి చేరే కొత్త బొమ్మలు 24 మాత్రమే. వీడియోలో లేని కదలికను రిఫ్రెష్ రేట్ పుట్టించలేదు.

మధ్యలో కొత్త బొమ్మలు కావాలంటే టీవీలోని చిప్ వాటిని ఊహించి గీయాలి. పక్కపక్కనున్న రెండు ఫ్రేమ్‌లను పోల్చి, ఏ వస్తువు ఎటు జరిగిందో అంచనా వేసి, నడుమ స్థితిని తయారుచేస్తుంది. దీన్నే మోషన్ స్మూతింగ్ అంటారు. స్పెసిఫికేషన్లలో ఎంఈఎంసీ అని రాస్తారు. షోరూమ్‌లో 120 హెర్ట్జ్ టీవీ పక్కన 60 హెర్ట్జ్ టీవీ పెట్టి "చూడండి తేడా" అని చూపించేటప్పుడు, చాలాసార్లు మీ కంటపడేది ఈ స్మూతింగ్ పనితనమే. ఆ రెండిట్లోనూ స్మూతింగ్ ఆపేసి చూపించమని అడగండి. అప్పుడు తెలుస్తుంది అసలు తేడా ఎంతో.

సినిమాకు ఎన్ని ఫ్రేమ్‌లు ఉంటాయి? క్రికెట్‌కు ఎన్ని?

సినిమాకు సెకనుకు 24. మాటలు వచ్చిన కొత్తలో, 1920ల చివర, స్థిరపడిన అంకె ఇది. ఇప్పటికీ చాలావరకు అదే నడుస్తోంది.

క్రికెట్‌కు 50 అనుకోండి. భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో కరెంటు సరఫరా 50 హెర్ట్జ్. టీవీ ప్రసారాలు మొదలైనప్పుడు ఆ అంకెకు తగ్గట్టే ప్రసార ప్రమాణం పెట్టుకున్నారు. ఆ కారణం ఇప్పుడు లేకపోయినా ప్రమాణం అలాగే ఉండిపోయింది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి టీవీ లెక్క 60తో నడుస్తుంది.

కంప్యూటర్ మానిటర్లు, ఫోన్లు, స్ట్రీమింగ్ స్టిక్‌లు చాలావరకు 60 అంకె చుట్టూ తయారయ్యాయి. కంటెంట్ ఏమో 24, 50. ఇళ్లలో కనిపించే కుదుపుల్లో సగానికి సగం ఈ అంకెలు ఒకదాన్నొకటి సరిగా భాగించకపోవడం వల్ల వచ్చేవే.

## సినిమా విషయంలో

60 హెర్ట్జ్ టీవీలో సినిమా చూస్తుంటే కెమెరా నెమ్మదిగా తిరిగే సీన్లలో కొట్టుకున్నట్టు కదులుతుంది. ఎందుకు?

60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది. తెర ఒక ఫ్రేమ్‌ను రెండున్నరసార్లు గీయలేదు. అందుకని ఒక ఫ్రేమ్‌ను మూడుసార్లు, తర్వాతి ఫ్రేమ్‌ను రెండుసార్లు, మళ్లీ మూడుసార్లు, మళ్లీ రెండుసార్లు గీస్తుంది. అంటే ఒక ఫ్రేమ్ 50 మిల్లీసెకన్లు నిలబడితే, దాని పక్క ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లే ఉంటుంది. కెమెరా ఒకే వేగంతో తిరిగినా తెర మీద బొమ్మ కాసేపు ఆగి, గబుక్కున జరిగి, మళ్లీ ఆగినట్టు ఉంటుంది.

ఫైట్ సీన్లలో ఇది పెద్దగా తెలియదు, అక్కడ కట్‌లు ఎక్కువ. ఎత్తయిన భవనం మీదుగా కెమెరా మెల్లగా జారేటప్పుడు, చివర్లో పేర్లు కిందినుంచి పైకి వెళ్లేటప్పుడు బాగా బయటపడుతుంది. పేర్ల అంచుల మీద కన్ను పెట్టి చూడండి. వణుకు ఒకే లయలో ఉంటే కారణం ఇదే. ఎప్పుడో ఒకసారి ఆగి ఆగి వస్తే అది నెట్ సమస్యో, యాప్ సమస్యో అయ్యుంటుంది.

120 హెర్ట్జ్ తీసుకుంటే ఆ కుదుపు పూర్తిగా పోతుందా?

వంతు తప్పడం వల్ల వచ్చే కుదుపు పోతుంది. 120ని 24తో భాగిస్తే సరిగ్గా ఐదు. ప్రతి ఫ్రేమ్ 41.7 మిల్లీసెకన్లు సమానంగా నిలుస్తుంది. సినిమాలకు 120 హెర్ట్జ్ వల్ల కలిగే నిజమైన లాభం ఇదొక్కటే. నా ఉద్దేశంలో అది చిన్న లాభమేమీ కాదు.

కానీ 24 ఫ్రేమ్‌లలో సహజంగా ఉండే తెంపు పోదు. ఒక లెక్క చూద్దాం. 4కె తెర వెడల్పు 3,840 పిక్సెళ్లు. ఆ వెడల్పును ఒక వస్తువు నాలుగు సెకన్లలో దాటితే సెకనుకు 960 పిక్సెళ్లు జరిగినట్టు. దాన్ని 24తో భాగిస్తే ఫ్రేమ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య 40 పిక్సెళ్ల గెంతు. ఈ గెంతు సినిమాలోనే ఉంది, ఏ తెర పెట్టినా ఉంటుంది. సినిమాటోగ్రాఫర్లు కెమెరా తిప్పేటప్పుడు ఒక వస్తువు తెర దాటడానికి సుమారు ఏడు సెకన్లు తీసుకునేలా చూడాలని అనుకోవడం ఇందుకే.

ఇంకొక చిక్కు ఉంది. ఓఎల్‌ఈడీ తెరలో పిక్సెల్ దాదాపు తక్షణం మారిపోతుంది. అందువల్ల పాత బొమ్మ నుంచి కొత్త బొమ్మకు గెంతు నిక్కచ్చిగా కనిపిస్తుంది. మామూలు ఎల్‌సీడీలో పిక్సెల్ కాస్త నెమ్మదిగా మారుతుంది కాబట్టి అంచులు అలికినట్టయి ఆ గెంతును కొంత కప్పేస్తాయి. ఖరీదైన టీవీ తెచ్చాక సినిమా ముందుకంటే ఎక్కువ తెగుతున్నట్టుందని కొందరు అనడం భ్రమ కాదు.

కొత్త టీవీలో సినిమా ఏదో సీరియల్ షూటింగ్‌లా కనిపిస్తోంది. టీవీ పాడైందా?

పాడవలేదు. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంది. టీవీ 24 ఫ్రేమ్‌ల మధ్య తను ఊహించిన బొమ్మలు దూర్చి నున్నగా చేస్తోంది. ఎక్కువ ఫ్రేమ్‌లతో వచ్చే టీవీ కార్యక్రమాలను ఏళ్ల తరబడి చూసిన కంటికి, సినిమా కూడా అలా నున్నగా కదిలితే సెట్‌లో నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది.

దీని మీద సినిమావాళ్లకు చాలా కోపం. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి, ఇంట్లో ఈ సెట్టింగ్ ఆపేసి సినిమా చూడమని ఒక వీడియోలో ప్రేక్షకులను అడిగారు. మరుసటి ఏడాది, 2019లో, టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోలు కలిసి పెట్టుకున్న యూహెచ్‌డీ అలయన్స్ Filmmaker Mode ప్రకటించింది. టీవీలో ఆ మోడ్ పెడితే స్మూతింగ్ ఆగిపోయి సినిమా తన ఫ్రేమ్ రేట్‌లోనే ఆడుతుంది. ఆ మోడ్ లేని టీవీలో Picture మెనూలోకి వెళ్లి Motion అని గానీ, Clarity అని గానీ ఉన్నచోట స్మూతింగ్ ఆపేయండి. పేరు కంపెనీ కంపెనీకి మారుతుంది. ఓఎల్‌ఈడీలో తెంపు మరీ ఇబ్బంది పెడితే పూర్తిగా ఆపకుండా అన్నిటికంటే తక్కువ మెట్టు మీద ఉంచడం మధ్యే మార్గం.

24 కంటే ఎక్కువ ఫ్రేమ్‌లతో తీసిన సినిమాలు లేవా?

ఉన్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2012లో పీటర్ జాక్సన్ 'ది హాబిట్' మొదటి భాగాన్ని 48 ఫ్రేమ్‌లతో తీసి కొన్ని హాళ్లలో అలాగే ఆడించారు. అదే సినిమా బ్లూరే డిస్క్ మీద 24 ఫ్రేమ్‌లతోనే వచ్చింది. అలాంటి సినిమాల కోసమని ఎక్కువ హెర్ట్జ్ తెర కొనక్కర్లేదు.

## క్రికెట్ విషయంలో

ఫాస్ట్ బౌలర్ బంతి సరిగా కనిపించాలంటే 120 హెర్ట్జ్ తప్పనిసరి అంటున్నారు. నిజమేనా?

బంతినే లెక్కలోకి తీసుకుందాం. గంటకు 140 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. ఈ క్రీజు నుంచి ఆ క్రీజుకు దూరం సుమారు 17.7 మీటర్లు. గాలికి, పిచ్ తగిలినందుకు వేగం కొంత తగ్గుతుంది కాబట్టి బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు అర సెకను పడుతుందనుకోవచ్చు.

ప్రసారం సెకనుకు 50 బొమ్మలతో వస్తే ఆ అర సెకనులో మీకు దక్కేవి పాతిక బొమ్మలు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య బంతి ముప్పావు మీటరు పైనే ముందుకు పోతుంది. ఇప్పుడు తెర 60 అయినా, 120 అయినా, 240 అయినా ఆ పాతిక బొమ్మలే ఉన్నాయి. ఎక్కువ హెర్ట్జ్ తెర వాటినే రెండేసి సార్లో, నాలుగేసి సార్లో చూపిస్తుంది. బ్యాట్‌కు బంతి తగిలిన క్షణం రెండు బొమ్మల నడుమ జరిగిపోతే దాన్ని ఏ టీవీ చూపించలేదు.

అదే స్ట్రీమ్ 25 ఫ్రేమ్‌లకే పరిమితమైతే పాతిక బొమ్మలు కాస్తా పన్నెండో పదమూడో అవుతాయి. ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. కాబట్టి "నా టీవీ ఎన్ని హెర్ట్జ్" అనే దానికంటే "నాకు వచ్చే మ్యాచ్ ఎన్ని ఫ్రేమ్‌లు" అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

నాది 120 హెర్ట్జ్ టీవీయే. అయినా బంతి వెంట కెమెరా బౌండరీ దాకా తిరిగేటప్పుడు గ్రౌండ్ అంతా అదురుతుంది. ఏమిటి లోపం?

చాలా ఇళ్లలో లోపం టీవీది కాదు, దానికి తగిలించిన స్టిక్‌దో బాక్స్‌దో. మ్యాచ్ 50 ఫ్రేమ్‌లతో వస్తుంటే ఆ స్టిక్ తన అవుట్‌పుట్‌ను 60 దగ్గర బిగించి కూర్చుంటుంది. ఐదు ఫ్రేమ్‌లను ఆరు స్థానాల్లో నింపాలి కాబట్టి నాలుగింటిని ఒక్కోసారి, ఐదో దాన్ని రెండుసార్లు పంపిస్తుంది. నాలుగు ఫ్రేమ్‌లు 16.7 మిల్లీసెకన్ల చొప్పున సాఫీగా పోయి, ఐదోది 33 మిల్లీసెకన్లు ఆగుతుంది. సెకనుకు సరిగ్గా పదిసార్లు ఈ ఆగుడు.

కెమెరా తిరిగే వేగాన్ని బట్టి చూడండి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ వెడల్పును గ్రౌండ్ ఒక సెకనులో దాటుతోందంటే, ఫ్రేమ్‌కు 38 పిక్సెళ్లు జరగాలి. కన్ను ఆ వేగానికి అలవాటుపడి ముందుకు సాగుతుంటుంది. ఐదో ఫ్రేమ్ దగ్గర బొమ్మ కదలదు. కన్ను 38 పిక్సెళ్లు ముందుకు పోయి ఉంటుంది, గ్రౌండ్ అక్కడే ఉంటుంది. ఆ పొసగకపోవడమే మీకు అదురులా కనిపిస్తుంది. బౌలర్ రనప్‌లో, స్థిరమైన షాట్‌లో ఇది తెలియదు. ప్రకటనల బోర్డుల మీది అక్షరాలు పక్కకు పరిగెత్తే షాట్‌లో వెంటనే పట్టుబడుతుంది.

ఇక్కడ టీవీకి ఉన్న 120 హెర్ట్జ్ అక్కరకు రాదు. ఫ్రేమ్ రెండుసార్లు రావడం టీవీకి చేరకముందే జరిగిపోయింది. టీవీ ఆ 60ని తీసుకుని చక్కగా రెట్టింపు చేసి, అదురును కూడా అంతే చక్కగా చూపిస్తుంది.

సరిచేయడం సులభం. స్టిక్ సెట్టింగ్స్‌లో Display లేదా Video అని ఉన్న విభాగంలో వెతకండి. గూగుల్ టీవీ పరికరాల్లో Match content frame rate అనీ, ఫైర్ టీవీలో Match Original Frame Rate అనీ, యాపిల్ టీవీలో Match Frame Rate అనీ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వీడియో మొదలైనప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి 50కి మారుతుంది. ఆ నల్లబడటమే అది పనిచేసిందనడానికి గుర్తు. కొన్ని యాప్‌లు ఈ సెట్టింగ్‌ను పట్టించుకోవు. అప్పుడు మ్యాచ్ చూసేటప్పుడు Resolution మెనూలో చేత్తోనే 50 హెర్ట్జ్ ఎంచుకుని, సినిమా పెట్టేటప్పుడు మళ్లీ మార్చుకోవాలి. విసుగే, కానీ మ్యాచ్ మూడు గంటలో, రోజంతానో సాగుతుంది కదా.

120ని 50తో భాగించినా సరిగ్గా పోదు కదా? మరి 120 హెర్ట్జ్ టీవీలో క్రికెట్ సాఫీగా ఎలా ఆడుతుంది?

మంచి ప్రశ్న. 120 హెర్ట్జ్ టీవీ ఎప్పుడూ 120 దగ్గరే నడవదు. 50 సిగ్నల్ వస్తున్నదని తెలిస్తే ప్యానెల్‌ను 100కి దించుకుంటుంది. అప్పుడు ఒక్కో ఫ్రేమ్ రెండుసార్లు, సమానంగా వస్తుంది. 60 హెర్ట్జ్ టీవీ కూడా ఇలాగే 50కి దిగగలదు. ఆంటెనా, కేబుల్, డిష్ బాక్స్ ద్వారా వచ్చే ప్రసారం సాఫీగా ఉండడానికి కారణం ఇదే. 50 సిగ్నల్ 50గానే చేరుతుంది.

ఈ సర్దుబాటు ఫోన్లు, కంప్యూటర్ మానిటర్ల దగ్గర తరచూ జరగదు. 120 దగ్గరే ఉండిపోయిన ఫోన్ 50 ఫ్రేమ్‌ల వీడియోను రెండు, మూడు, రెండు, మూడు, రెండు అనే వరుసలో పంచుతుంది. అయినా 60 హెర్ట్జ్ ఫోన్ కంటే ఇది నయం. ఒక్కో వంతు 8.3 మిల్లీసెకన్లే కాబట్టి హెచ్చుతగ్గు చిన్నది.

కొట్టిన బంతి తోకచుక్కలా మసకగా కనిపిస్తుంది. హెర్ట్జ్ పెంచితే పోతుందా?

మసక ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. మూడు చోట్ల పుట్టొచ్చు.

మొదటిది కెమెరా. షట్టర్ తెరిచి ఉన్న కాసేపట్లోనే బంతి జరిగితే ఆ జాడ ఫ్రేమ్‌లోనే పడిపోతుంది. పాజ్ చేసి చూడండి. ఆగిన బొమ్మలోనూ బంతి సాగదీసినట్టు ఉంటే అది కెమెరా వల్లే. ఏ టీవీ సెట్టింగ్‌తోనూ పోదు.

రెండోది స్ట్రీమ్. నెట్ స్పీడు తగ్గినప్పుడు వీడియోలో వివరాలు కుదించేస్తారు. గడ్డి పచ్చటి ముద్దలా మారి, బంతి చుట్టూ చతురస్రాలు వస్తే కారణం ఇదే. కెమెరా ఆగగానే గడ్డి మళ్లీ తేటపడుతుంది.

మూడోది మీ తెర, మీ కన్ను కలిసి చేసే మసక. ఇప్పటి తెరలు ఒక ఫ్రేమ్‌ను తర్వాతిది వచ్చేదాకా వెలిగించి ఉంచుతాయి. కన్ను మాత్రం బంతి వెంట ఆగకుండా కదులుతుంది. సెకనుకు 1,920 పిక్సెళ్లు జరిగే వస్తువు, ఫ్రేమ్ 20 మిల్లీసెకన్లు నిలిచి ఉంటే, 38 పిక్సెళ్ల మేర అలికినట్టు అనిపిస్తుంది. ప్యానెల్ 100 హెర్ట్జ్ అయినా అదే ఫ్రేమ్ రెండుసార్లు వస్తోంది కాబట్టి నిలిచే సమయం 20 మిల్లీసెకన్లే, మసకా అంతే. ఇది తగ్గాలంటే మధ్యలో ఊహాబొమ్మలన్నా వేయాలి, నడుమ నల్ల ఫ్రేమ్ అన్నా దూర్చాలి. నల్ల ఫ్రేమ్ పద్ధతిలో మసక సగానికి పడుతుంది కానీ వెలుగు కూడా బాగా తగ్గి, 50 దగ్గర మిణుకు తెలుస్తుంది. పగటిపూట హాల్లో చూసేవాళ్లకు నేనైతే దాన్ని సిఫార్సు చేయను.

మ్యాచ్‌కు మోషన్ స్మూతింగ్ ఆన్ చేయవచ్చా?

సినిమాకు వద్దు గానీ క్రికెట్‌కు తక్కువ మోతాదులో పెట్టి చూడొచ్చు. ఇక్కడ దర్శకుడి ఉద్దేశం దెబ్బతినేదేమీ లేదు. కెమెరా తిరిగే షాట్‌లలో గ్రౌండ్ నిజంగానే తేటగా కనిపిస్తుంది. ఎక్కువ హెర్ట్జ్ ప్యానెల్‌కు క్రికెట్‌లో ఉపయోగం ఏదైనా ఉందంటే ఈ బొమ్మలకు చోటివ్వడమే. 50 హెర్ట్జ్ దగ్గర నడిచే ప్యానెల్‌లో 50 ఫ్రేమ్‌ల మధ్య దూర్చడానికి చోటే ఉండదు.

ఎక్కువ మోతాదులో పెడితే బంతే బలి అవుతుంది. చిన్నది, వేగమైనది, రెండు ఫ్రేమ్‌ల నడుమ చాలా దూరం పోయేది. చిప్‌కు దాన్ని వెంబడించడం కష్టం. జనం మీదుగా బంతి గాల్లోకి లేచినప్పుడు అది మాయమై మళ్లీ ప్రత్యక్షమైతే, పరిగెత్తే ఫీల్డర్ కాళ్ల చుట్టూ నీళ్లలా అల పుడితే, బ్యాట్ అంచు చీలినట్టు అనిపిస్తే స్మూతింగ్ ఒక మెట్టు తగ్గించండి.

అదే మ్యాచ్ టీవీ ఛానెల్‌లో నున్నగా, యాప్‌లో తెగుతూ ఎందుకుంటుంది?

యాప్ మీకు 25 ఫ్రేమ్‌ల స్ట్రీమ్ ఇస్తూ ఉండొచ్చు. ఛానెల్ మీద 1080i అని ఉంటే అది సెకనుకు 50 సగం బొమ్మలు పంపుతుంది. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. ప్రతి సగం వేర్వేరు క్షణంలో తీసినదే కాబట్టి టీవీ వాటిని సరిగా పూరిస్తే 50 కదలికలూ దక్కుతాయి. యాప్ తక్కువ క్వాలిటీలో పడిపోయినప్పుడు రెండు సగాలను కలిపి 25కి కుదించిన స్ట్రీమ్ వస్తుంది. బొమ్మ తేటగా ఉన్నా కదలిక సగమే.

యాప్ క్వాలిటీ మెనూలో పై మెట్టు ఎంచుకోండి. యూట్యూబ్‌లో అయితే Stats for nerds తెరిస్తే 1920x1080@50 లాంటి అంకె కనిపిస్తుంది. ఆ గుర్తు తర్వాత ఉన్నది ఫ్రేమ్ రేట్.

స్లో మోషన్ రీప్లే బాగా కనిపించాలంటే ఎక్కువ హెర్ట్జ్ కావాలా?

అక్కర్లేదు. రీప్లేను సెకనుకు వందల ఫ్రేమ్‌లు తీసే కెమెరాతో పట్టి, సాగదీసి, మామూలు 50 ఫ్రేమ్‌ల ప్రసారంలోనే పంపుతారు. మీ తెరకు అది ఇంకో మామూలు వీడియోనే. పైగా బొమ్మ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 60 హెర్ట్జ్ తెరలోనూ తేటగా ఉంటుంది.

## కొనేటప్పుడు

పెట్టె మీద 'మోషన్ రేట్ 240' అని ఉంది. అంటే 240 హెర్ట్జేనా?

కాదు. అది ప్యానెల్ అంకెకు స్మూతింగ్, లైటింగ్ మాయలన్నీ కలిపి కంపెనీ వేసుకున్న మార్కు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, ఒకరి అంకెకు ఇంకొకరి అంకెతో పోలిక ఉండదు. స్పెసిఫికేషన్లలో 'నేటివ్ రిఫ్రెష్ రేట్' లేదా 'ప్యానెల్ రిఫ్రెష్ రేట్' అన్న వరుసలో ఏముందో అదే చూడండి. ఆ వరుసే లేకుండా పెద్ద అంకె ఒక్కటే ఉంటే 60 అనుకుని బేరం ఆడండి.

ఈ మధ్య ఇంకో తిరకాసు వచ్చింది. 60 హెర్ట్జ్ 4కె ప్యానెల్ తన గీతలను రెండేసి కలిపి నడిపి, నిలువు వివరాన్ని సగం వదులుకుని 120 చూపిస్తుంది. దీన్ని డీఎల్‌జీ అంటారు. గేమ్‌లకు పనికిరావచ్చు గానీ సినిమాకు, క్రికెట్‌కు దాన్ని 120 కింద లెక్క వేయకండి.

మ్యాచ్‌లు, సినిమాల కోసం హెచ్‌డీఎంఐ 2.1 కావాలా?

వద్దు. 4కెలో 60 దాకా హెచ్‌డీఎంఐ 2.0 మోయగలదు. 24, 50 రెండూ అందులో ఇమిడిపోతాయి. ఆ 50ని 100గా, 24ని 120గా చేసే పని టీవీ లోపల జరుగుతుంది, తీగ మీద కాదు.

144 హెర్ట్జ్ టీవీ వస్తోంది కదా, 120 కంటే మేలా?

సినిమాకు 144 కూడా సరిగ్గా ఆరుసార్లు భాగిస్తుంది, అంతే తేడా. క్రికెట్‌కు ఏమీ కలవదు. ఆ అదనపు 24 హెర్ట్జ్ కోసం డబ్బు ఎక్కువ పెట్టేకంటే మంచి వెలుగు, మంచి కాంట్రాస్ట్ ఉన్న ప్యానెల్‌కు పెట్టండి.

ఇంట్లో మంచి 60 హెర్ట్జ్ టీవీ ఉంది. క్రికెట్ కోసం 120కి మారాలా?

మారకముందు ఒక పని చేయండి. డిష్ లేదా కేబుల్ బాక్స్ అవుట్‌పుట్ 50 దగ్గర ఉందో లేదో చూసి, అదే మ్యాచ్‌లో కెమెరా తిరిగే షాట్లు గమనించండి. బాక్స్ నుంచి వస్తున్న సిగ్నల్ ఎంతో చాలా టీవీలు రిమోట్‌లోని Info బటన్ నొక్కితే చూపిస్తాయి. 50 దగ్గర సాఫీగా ఉంటే మీ ఇబ్బంది ప్యానెల్‌ది కాదు, స్ట్రీమింగ్ పరికరానిది. దాని సెట్టింగ్ మారిస్తే చాలు.

సినిమాలు ఎక్కువగా చూస్తారు, నెమ్మదిగా కదిలే షాట్లలో కుదుపు కంటికి గుచ్చుకుంటోంది అంటే 120కి మారడంలో అర్థముంది. అయితే అప్పుడూ సినిమా యాప్ 24గా పంపుతుందో లేదో పరీక్షించాకే కొనండి. స్టిక్ 60 దగ్గర బిగుసుకుపోతే మూడు, రెండు వంతుల కుదుపు కొత్త టీవీకి కూడా యథాతథంగా చేరుతుంది. కొన్ని టీవీలు ఆ వంతులను పసిగట్టి అసలు 24ను వెనక్కి రాబడతాయి. మెనూలో Cinema, Film లాంటి పేర్లతో ఉంటుంది ఆ ఏర్పాటు. షోరూమ్‌లో మీ స్టిక్ తగిలించి, చివరి పేర్లు పైకి జరిగే సీన్ ఒక్కటి చూపించమంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.